ఖాళీ పెట్టెకు పడే కిరాయి: దిగుమతి సరకుకు స్టాక్ రేటు కట్టడం

ప్రశ్న: మాది విజయవాడలో హార్డ్‌వేర్ హోల్‌సేల్. చైనాలోని నింగ్బో నుంచి చెన్నై మీదుగా ఒక 20 అడుగుల కంటైనర్ తెప్పించాం. అందులో 4,000 స్పానర్ సెట్లు, సెట్టు 3 డాలర్లు. 2,000 ఖాళీ ప్లాస్టిక్ టూల్ బాక్సులు, ఒక్కోటి 2 డాలర్లు. ఖర్చులన్నీ కూడి చూస్తే సరకు ధర మీద 27 శాతం తేలింది. అదే శాతం రెండింటికీ కలిపి స్టాక్ రేటు వేశాం. బాక్సు జీఎస్టీ కాకుండా 255 రూపాయలకు అమ్ముతున్నాం, చకచకా పోతోంది. అయినా చేతిలో డబ్బు మిగలడం లేదు. ఐజీఎస్టీ కూడా రేటులో కలపాలని మా గుమాస్తా అంటాడు. పత్రాలు ఆలస్యమై, కంటైనర్ యార్డులో ఆగినందుకు గ్రౌండ్ రెంటు, దాన్ని ఓడ కంపెనీకి వేళకు తిరిగివ్వనందుకు డిటెన్షన్ కింద 31,000 కట్టాం, అది కలపాలా? పద్ధతి చెప్పండి. బిల్లులన్నీ జతచేశాను.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు:

మీ బిల్లుల ప్రకారం లెక్క కడితే బాక్సు మీకు గోడౌన్‌లో పడిన ధర 269 రూపాయల 20 పైసలు. 255కు అమ్మే ప్రతి బాక్సు మీద 14 రూపాయల 20 పైసలు పోగొట్టుకుంటున్నారు. స్పానర్ సెట్టుకు మాత్రం మీరు వేసుకున్న రేటు అసలుకంటే పాతిక రూపాయలు ఎక్కువ. ఖర్చుల మొత్తంలో తప్పేమీ లేదు. దాన్ని రెండు రకాల మధ్య పంచిన తీరులోనే తప్పుంది.

అన్ని ఖర్చులనూ సరకు ధరను బట్టి పంచితే, ఖరీదైన వస్తువు ఎక్కువ మోస్తుంది, చౌకది తక్కువ మోస్తుంది. కానీ ఓడ కంపెనీ మీ స్పానర్ ఖరీదెంతో చూసి కిరాయి వేయదు. కంటైనర్‌లో ఎంత చోటు పట్టిందన్నదే దానికి కావాలి. మీ ప్యాకింగ్ లిస్టు ప్రకారం 4,000 స్పానర్ సెట్లు 200 అట్టపెట్టెల్లో 6 ఘనమీటర్లు, అంటే మన వాడుకలో 6 సీబీఎం, పట్టాయి. 2,000 టూల్ బాక్సులు 100 అట్టపెట్టెల్లో 20 సీబీఎం పట్టాయి. ధరలో నాలుగో వంతు ఉన్న బాక్సులు చోటులో నాలుగింట మూడు వంతులకు పైగా ఆక్రమించాయన్నమాట. ఖాళీ పెట్టెలో మీరు దిగుమతి చేసుకున్నది చాలావరకు గాలి. గాలికీ కిరాయి పడుతుంది.

కాబట్టి ఒక్కో బిల్లునూ చేతిలోకి తీసుకుని, ఇది దేన్ని బట్టి పెరుగుతుంది అని అడగాలి. చోటును బట్టి పెరిగేదాన్ని సీబీఎం మీద పంచాలి, విలువను బట్టి పెరిగేదాన్ని విలువ మీద పంచాలి. ఏ వస్తువు మీద పడిందో కాగితం మీదే విడివిడిగా రాసి ఉన్నదాన్ని అసలు పంచకూడదు, ఆ వస్తువుకే వేయాలి. మీ కంటైనర్‌కు ఈ వరసలో వెళ్దాం.

ముందు సరకు ధర. ఎఫ్‌ఓబీ విలువ, అంటే ఓడ కిరాయి, ఇన్సూరెన్సు కలపని ధర, 16,000 డాలర్లు. దీన్ని ఏ రేటున రూపాయల్లోకి మార్చాలన్న దగ్గరే చాలామంది తడబడతారు, ఎందుకంటే చేతిలో మూడు నాలుగు రేట్లు ఉంటాయి. మీరు ముందుగా 30 శాతం, అంటే 4,800 డాలర్లు, 85 రూపాయల రేటున పంపారు. ఆ భాగం ఖరీదు అక్కడితో తేలిపోయింది: 4,08,000. మిగిలిన 11,200 డాలర్లకు సరకు మీదైన రోజు రేటు వేయాలి. ఎఫ్‌ఓబీ ఒప్పందంలో సరకు ఓడెక్కగానే దాని మంచిచెడ్డలు మీవి కనుక ఓడ కంపెనీ ఇచ్చే సరకు రసీదు, అంటే బిల్ ఆఫ్ లేడింగ్, తేదీని పట్టుకోవడం మామూలు. ఆ రోజు రేటు 86, అంటే 9,63,200. రెండూ కలిపి 13,71,200, సగటున డాలరుకు 85 రూపాయల 70 పైసలు. ఇందులో స్పానర్లది 10,28,400, బాక్సులది 3,42,800.

బాకీ తీర్చిన రోజున బ్యాంకు 86 రూపాయల 60 పైసలు పట్టుకుంది కదా, డాలరుకు అరవై పైసల చొప్పున 6,720 రూపాయలు అదనంగా పోయాయి. ఇది స్టాకులోకి రాదు. విదేశీ మారకపు నష్టంగా నేరుగా లాభనష్టాల ఖాతాకు వెళ్తుంది. అకౌంటింగ్ స్టాండర్డ్ 11 చెప్పేది ఇదే. సరకు కొన్న ధర ఒకటి, అప్పు తీర్చడంలో వచ్చిన తేడా వేరొకటి. మీరు బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి మొత్తం స్టాకుకు 86.60 వేసుకుంటే ఆ అప్పు తేడా సరకు ధరలో కూర్చుంటుంది.

ఇక నాలుగో రేటు కస్టమ్స్‌ది. దిగుమతి సరకు వివరాలతో కస్టమ్స్‌కు ఇచ్చే పత్రమైన బిల్ ఆఫ్ ఎంట్రీ వేసిన రోజుకు ఆ శాఖ ప్రకటించిన రేటు 86 రూపాయల 50 పైసలు. ఇది సుంకం లెక్కకు మాత్రమే పనికొస్తుంది. బిల్ ఆఫ్ ఎంట్రీలోని అసెసబుల్ విలువను, అంటే సుంకం వేయడానికి కట్టిన విలువను, తీసుకొచ్చి కొనుగోలు విలువగా ఎంట్రీ వేసేవాళ్లు ఉన్నారు. అలా చేస్తే ఓడ కిరాయి, ఇన్సూరెన్సు రెండుసార్లు పడే ప్రమాదముంది, ఎందుకంటే అవి ఆ విలువలో అప్పటికే కలిసి ఉంటాయి. మళ్లీ ఫార్వార్డర్ బిల్లు ఎంట్రీ వేస్తారు కదా.

ఓడ కిరాయి 1,040 డాలర్లు, ఫార్వార్డర్ రూపాయల్లో వేసిన బిల్లు జీఎస్టీ కాకుండా 89,440. మొత్తం 26 సీబీఎం కనుక సీబీఎంకు 3,440 పడింది. స్పానర్లకు 20,640, బాక్సులకు 68,800. సరకు ధర మీద పంచి ఉంటే బాక్సుల వాటా 22,360 మాత్రమే వచ్చేది. మీ నష్టం మొదలైంది ఇక్కడే.

ఎప్పుడూ సీబీఎమ్మేనా అంటే, కాదు. 20 అడుగుల కంటైనర్ లోపల కొలతకు 33 సీబీఎం వరకు ఉన్నా, అట్టపెట్టెలు పేర్చితే 26 నుంచి 28 దాకానే పడుతుంది. మీ సరకు బరువు ఎనిమిది టన్నులు కూడా లేదు, చోటు మాత్రం నిండింది. అంటే మీరు కొన్నది చోటు. అదే గ్రానైట్ పలకలో, ఇనుప చువ్వలో అయితే కంటైనర్ సగం ఖాళీగా ఉండగానే బరువు పరిమితి వచ్చేస్తుంది. అప్పుడు కిలోల మీద పంచాలి. కంటైనర్ మొత్తం మీది కాకుండా ఇతరుల సరకుతో కలిపి పంపితే, ఓడ కిరాయికి టన్నుల లెక్క, సీబీఎంల లెక్క ఈ రెంటిలో ఏది ఎక్కువైతే దాన్నే పట్టుకుంటారు. మీ బిల్లు ఏ కొలత మీద పడిందో ఆ కొలత మీదే పంచండి. విమానంలో వస్తే పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తే వచ్చే బరువును అసలు బరువుతో పోల్చి, పెద్దదాన్ని లెక్కలోకి తీసుకుంటారు.

ఇన్సూరెన్సు 6,880 రూపాయలు. ప్రీమియం విలువను బట్టి పడుతుంది కనుక ఇక్కడ ధర మీద పంచడమే సరి: స్పానర్లకు 5,160, బాక్సులకు 1,720.

ఇప్పుడు సుంకం. దీన్ని మీరు పంచనే కూడదు, ఎందుకంటే బిల్ ఆఫ్ ఎంట్రీలో ప్రతి వస్తువుకూ విడిగా లెక్క ఉంది. మీ కాగితంలో స్పానర్ల అసెసబుల్ విలువ 11,10,660. దాని మీద బేసిక్ కస్టమ్స్ డ్యూటీ 10 శాతం 1,11,066; ఆ డ్యూటీ మీద సోషల్ వెల్ఫేర్ సర్‌చార్జీ 10 శాతం 11,107; మొత్తం 1,22,173. బాక్సుల అసెసబుల్ విలువ 3,70,220, డ్యూటీ 15 శాతం 55,533, సర్‌చార్జీ 5,553, మొత్తం 61,086. సర్‌చార్జీని సరకు విలువ మీద కాక డ్యూటీ మీద వేస్తారు కాబట్టి 10 శాతం డ్యూటీ ఉన్న వస్తువు మీద నికరంగా పడేది 11 శాతం, 15 ఉన్నదాని మీద 16.5 శాతం. ఈ రేట్లు బడ్జెట్లలో, నోటిఫికేషన్లలో మారుతూనే ఉంటాయి. అందుకని పోయినసారి శాతాన్ని కాపీ చేయకుండా ప్రతి కన్‌సైన్‌మెంట్‌కూ దాని బిల్ ఆఫ్ ఎంట్రీలోని అంకెనే ఎత్తి రాయాలి. యాంటీ డంపింగ్ డ్యూటీ, వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు వంటివి మీకు లేవు. ఏ వస్తువు మీదైనా పడితే అవీ ఆ వస్తువు ధరలోకే వెళ్తాయి.

ఒక చిక్కుముడి ఇక్కడ విప్పాలి. బిల్ ఆఫ్ ఎంట్రీలో ఓడ కిరాయిని వస్తువుల మధ్య ఇన్‌వాయిస్ విలువను బట్టే పంచారు, సీబీఎంను బట్టి కాదు. ‘మరి కస్టమ్స్ వాళ్లే అలా చేస్తే మేం చేస్తే తప్పా’ అని మీ గుమాస్తా అడగవచ్చు. వాళ్లది సుంకం కోసం వేసిన లెక్క, ఆ సుంకం మీరు నిజంగా కట్టారు. కాబట్టి కట్టిన సుంకాన్ని ఉన్నదున్నట్టు తీసుకోండి, సీబీఎం ప్రకారం తిరగలెక్క వేసి ‘సరిచేయొద్దు’. కిరాయిని మాత్రం మీ పుస్తకంలో చోటు ప్రకారం పంచండి. ఈ రెండూ ఒకదానితో ఒకటి సరిపోలకపోయినా ఇబ్బంది లేదు.

ఓడ కిరాయి, ఇన్సూరెన్సు పత్రాలు బ్రోకర్ చేతికి వేళకు ఇవ్వండి. కస్టమ్స్ వాల్యుయేషన్ నిబంధనల ప్రకారం కిరాయి ఎంతో తేల్చలేకపోతే ఎఫ్‌ఓబీలో 20 శాతం, ఇన్సూరెన్సు తేల్చలేకపోతే 1.125 శాతం అనుకుని విలువ కడతారు. మీ విషయంలో 20 శాతమంటే 3,200 డాలర్లు, అసలు కిరాయికి మూడు రెట్లు. ఆ ఒక్క పత్రం లేకపోతే సుంకం, సర్‌చార్జీ కలిపి దాదాపు 23,000 రూపాయలు ఎక్కువ కట్టి ఉండేవారు, అది తిరిగి వచ్చే డబ్బు కాదు.

ఐజీఎస్టీ గురించి మీ గుమాస్తా మాట వినకండి. అసెసబుల్ విలువకు డ్యూటీ, సర్‌చార్జీ కలిపి దాని మీద 18 శాతం, రెండు వస్తువులకూ కలిపి 2,99,545 రూపాయలు కట్టారు. మీరు మామూలు జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఉన్నారు కనుక ఇది క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. ప్రభుత్వం దగ్గర మీకు రావలసిన బాకీయే గాని సరకు ఖరీదు కాదు. అకౌంటింగ్ స్టాండర్డ్ 2 కూడా తిరిగి వచ్చే పన్నులను తీసేసి మిగిలిన పన్నులనే కొనుగోలు ధరలో కలపమంటుంది. ఫార్వార్డర్, సీఎఫ్‌ఎస్ అనే కంటైనర్ యార్డు, బ్రోకర్ బిల్లుల మీద పడే జీఎస్టీకీ ఇదే సూత్రం. అందుకే పైనా కిందా నేను రాసే అంకెలన్నీ జీఎస్టీ తీసేసినవి. అయితే కాంపోజిషన్ స్కీమ్‌లో ఉన్న వ్యాపారికి క్రెడిట్ రాదు, కాబట్టి అతనికి ఐజీఎస్టీ కూడా సరకు ధరే అవుతుంది. మీ బిల్ ఆఫ్ ఎంట్రీ, మీకు రావలసిన క్రెడిట్ల జాబితా అయిన జీఎస్టీఆర్-2బీలో కనిపిస్తోందో లేదో మాత్రం చూసుకోండి. జీఎస్టీ నంబరు తప్పు పడితే అక్కడికి రాదు, అప్పుడు క్రెడిట్ ఆగిపోతుంది.

చెన్నై రేవు నుంచి మీ గోడౌన్ దాకా అయిన ఖర్చులు ఐదు రకాలు. ఓడ కంపెనీ టెర్మినల్ హ్యాండ్లింగ్, డెలివరీ ఆర్డర్ కింద 26,000, సీఎఫ్‌ఎస్ హ్యాండ్లింగ్ 13,000, చెన్నై నుంచి విజయవాడకు ట్రైలర్ 39,000. ఈ మూడూ కంటైనర్‌కు పడినవే కనుక చోటు ప్రకారమే పంచుదాం. మొత్తం 78,000, సీబీఎంకు 3,000. స్పానర్లకు 18,000, బాక్సులకు 60,000. కస్టమ్స్ బ్రోకర్ ఫీజు 8,000 చోటును బట్టి మారదు. విలువ మీద పంచి 6,000, 2,000గా వేశాను. రెండు ఐటమ్‌లు కనుక చెరిసగం అన్నా తప్పు పట్టను, అంత చిన్న మొత్తానికి వాదన దండగ. హమాలీ అట్టపెట్టెకు 20 రూపాయలు కట్టారు, కాబట్టి పెట్టెల లెక్కనే స్పానర్లకు 4,000, బాక్సులకు 2,000.

అన్నీ కూడితే ఇలా వస్తుంది:

| ఖర్చు | స్పానర్లు (రూ.) | బాక్సులు (రూ.) |
|---|---|---|
| సరకు ధర | 10,28,400 | 3,42,800 |
| ఓడ కిరాయి | 20,640 | 68,800 |
| ఇన్సూరెన్సు | 5,160 | 1,720 |
| సుంకం, సర్‌చార్జీ | 1,22,173 | 61,086 |
| రేవు, సీఎఫ్‌ఎస్, ట్రైలర్ | 18,000 | 60,000 |
| బ్రోకర్ | 6,000 | 2,000 |
| హమాలీ | 4,000 | 2,000 |
| మొత్తం | 12,04,373 | 5,38,406 |
| ఒక్కోదానికి | 301.09 | 269.20 |

సరకు ధర మీద అదనపు ఖర్చు స్పానర్లకు 17 శాతం, బాక్సులకు 57 శాతం. మీ 27 శాతం ఈ రెండింటి సగటు, ఏ ఒక్కదానికీ చెందనిది. ఆ సగటు వేస్తే బాక్సు 218కి దగ్గరగా కనిపిస్తుంది, 255కు అమ్మితే 37 రూపాయలు మిగిలినట్టు ఉంటుంది. స్పానర్ సెట్టు 327కి దగ్గరగా కనిపిస్తుంది, దాంతో బజారులో పోటీకి దిగడానికి వెనకాడతారు. నష్టమొచ్చే సరకు జోరుగా అమ్ముడై, లాభమొచ్చేది గోడౌన్‌లో పడి ఉండటం ఈ తప్పుకు గుర్తు. మీరు రాసిన లక్షణం సరిగ్గా అదే.

గ్రౌండ్ రెంటు, డిటెన్షన్ కింద పోయిన 31,000ను స్టాకులో కలపకండి. పత్రాలు వేళకు రాకపోవడం వల్ల పడిన దండుగ అది, సరకును గోడౌన్‌కు చేర్చడానికి తప్పనిసరి ఖర్చు కాదు. అసాధారణమైన నష్టాలను స్టాకు విలువలోకి రానివ్వకూడదన్నది స్టాండర్డ్ 2 మాట. కలిపితే ఏమవుతుందో కూడా చూడండి: చోటు ప్రకారం బాక్సుకు దాదాపు 12 రూపాయలు పెరుగుతుంది. వచ్చే కంటైనర్ సకాలంలో విడుదలైతే అదే బాక్సు 12 రూపాయలు ‘చౌకగా’ కనిపిస్తుంది. సరకు మారలేదు, సరఫరాదారుడు తగ్గించలేదు, అయినా రేటు ఊగుతుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ ఆలస్యంగా వేసినందుకు పడే రుసుము (మొదటి మూడు రోజులు రోజుకు 5,000, తర్వాత రోజుకు 10,000), సుంకం ఆలస్యంగా కట్టినందుకు 15 శాతం వడ్డీ, పెనాల్టీ, అన్నీ ఈ కోవలోవే. వీటికి ‘దిగుమతి ఆలస్యాలు’ అని ఒక విడి లెడ్జర్ తెరవండి. ఏడాది చివర ఆ లెడ్జర్ మొత్తం చూస్తే బ్రోకర్‌ను మార్చాలా, సరఫరాదారుడితో పత్రాల గురించి గట్టిగా మాట్లాడాలా అన్నది తేలుతుంది. స్టాకులో కలిపేస్తే ఆ సంగతి ఎవరికీ కనపడదు. బిల్ ఆఫ్ ఎంట్రీని ఓడ రేవుకు చేరే ముందురోజుకల్లా వేయాలన్నది 2021 నుంచి నియమం, కాబట్టి పత్రాలు సరకు ఓడెక్కిన వెంటనే తెప్పించుకోండి. విజయవాడ గోడౌన్ అద్దె, దుకాణాలకు చేర్చే ఆటో కిరాయి, అప్పు మీద బ్యాంకు వడ్డీ కూడా ఈ రేటులోకి రావు.

పగిలిన సరకు విషయం మీరు అడగలేదు గాని, ప్లాస్టిక్ బాక్సులకు అది తప్పదు. ప్రతిసారీ ఒకటి రెండు శాతం పోవడం మామూలే అయితే ఆ నష్టాన్ని మిగిలిన మంచివే మోయాలి. 30 పోయాయనుకోండి, 5,38,406ను 2,000తో కాక 1,970తో భాగిస్తే 273 రూపాయల 30 పైసలు వస్తుంది. కంటైనర్‌లోకి నీళ్లు దిగి 400 పాడైతే అది మామూలు తరుగు కాదు. ఆ 400 ఖరీదును, ఒక్కోటి 269.20 చొప్పునే, నష్టం ఖాతాకు తీసి ఇన్సూరెన్సు క్లెయిమ్ వేయాలి, మిగిలిన 1,600 రేటు మారకూడదు.

ఇప్పుడు టాలీ. కొనుగోలు వోచర్ టైపులో అదనపు ఖర్చులు పట్టుకునే ఏర్పాటు ఉంది, కానీ అది ఖర్చును సంఖ్య మీదో విలువ మీదో మాత్రమే పంచుతుంది. సీబీఎం దానికి తెలియదు. సంఖ్య మీద పంచమంటే 4,000 స్పానర్ సెట్లకు ఓడ కిరాయిలో మూడింట రెండు వంతులు పడుతుంది, అదీ తప్పే. మీకు రెండు రకాలే కనుక ఒక దారి ఉంది. పంపకమంతా ఎక్సెల్ షీటులో చేసుకుని, టాలీలో ఒక్కో రకానికి విడి కొనుగోలు వోచర్ వేసి, ఆ రకం వాటా ఖర్చులను అందులోనే అదనపు ఖర్చుగా ఎక్కించండి. ఒకే వస్తువు ఉన్న వోచర్‌లో ఏ పద్ధతి పెట్టినా మొత్తం దానికే చేరుతుంది. షీటులో ప్రతి ఖర్చుకూ సూత్రం ఇంతే. `H2`లో బిల్లు మొత్తం, `E5`, `E6`లో సీబీఎం ఉంటే:

```
=ROUND($H$2*E5/SUM($E$5:$E$6),2)
```

విలువ మీద పంచేటప్పుడు సీబీఎం గడుల బదులు విలువ గడులు పెట్టండి. పైసల తేడా వస్తే చివరి వస్తువుకు వేయండి.

అసలు ఇబ్బంది బిల్లులు ఆలస్యంగా రావడంలో ఉంటుంది. సరకు వచ్చిన వారానికే అమ్మకం మొదలవుతుంది, ట్రైలర్ వాడి బిల్లు నెలకు వస్తుంది. బిల్లు వచ్చేదాకా ఆ ఖర్చును పట్టించుకోకపోతే ముందు అమ్మినవన్నీ లాభంగా కనిపించి, వెనక అమ్మినవి నష్టమవుతాయి. అందుకని సరకు దిగిన రోజే రావలసిన బిల్లులను అంచనా వేసి స్టాకుకు చేర్చండి, ఆ మొత్తాన్ని ‘దిగుమతి ఖర్చుల సర్దుబాటు’ అనే లెడ్జర్‌లో జమ రాయండి. అసలు బిల్లు వచ్చినప్పుడు అదే లెడ్జర్‌కు ఖర్చు రాస్తే, కన్‌సైన్‌మెంట్ బిల్లులన్నీ ముగిసేసరికి అది సున్నా కావాలి. కాకపోతే ఏదో బిల్లు రాలేదు, లేదా అంచనా తప్పింది.

అంచనా తప్పితే ఏం చేయాలో మీ అంకెలతోనే చూద్దాం. రేవు, సీఎఫ్‌ఎస్, ట్రైలర్ కలిపి 78,000 అనుకున్నారు, బిల్లులు 91,000కు వచ్చాయనుకోండి. అదనంగా 13,000, సీబీఎంకు 500. బాక్సుల వాటా 10,000, అంటే ఒక్కోదానికి 5 రూపాయలు. అప్పటికి 1,200 బాక్సులు అమ్మేశారు, 800 ఉన్నాయి. 6,000 రూపాయలు అమ్మిన సరకు ఖర్చుకు పోతుంది, 4,000 మాత్రమే స్టాకులో చేరుతుంది. 10,000 మొత్తాన్నీ మిగిలిన 800 మీద వేస్తే బాక్సుకు పన్నెండున్నర పెరిగి, లేని ఖరీదు స్టాకులో కనిపిస్తుంది. స్పానర్ల వాటా 3,000, సెట్టుకు 75 పైసలు. ఇంత చిన్నదాన్ని నేరుగా ఖర్చు రాసేస్తే ఆడిటర్ అడ్డు చెప్పడు, కానీ ప్రతి కన్‌సైన్‌మెంట్‌లోనూ ఒకే హద్దు పెట్టుకోండి.

మార్చి 31 నాటికి మీ గోడౌన్‌లో ఉన్న బాక్సుల విషయం ఇంకోటుంది. స్టాకును కొన్న ధరకో, అమ్మితే ఖర్చులు పోను చేతికొచ్చే ధరకో, ఏది తక్కువైతే దానికే చూపాలి. బజారు ఇచ్చేది 255, దుకాణానికి చేర్చడానికి బాక్సుకు 4 రూపాయలు అవుతుందంటే చేతికొచ్చేది 251. అలాంటప్పుడు మిగిలిన బాక్సులను 269.20కి చూపకూడదు, ఒక్కోదానికి 18.20 తగ్గించి రాయాలి. ఇన్నాళ్లూ 218 అని చూపుతూ వచ్చినందువల్ల ఈ ప్రశ్నే మీకు ఎదురుకాలేదు. స్పానర్లను ఎక్కువకు చూపుతున్నారు కనుక వాటినీ 301.09కి సరిచేయాలి. రెండు సవరణలూ ఒకేసారి వేయించండి. ఆ తేదీకి సముద్రంలో ఉన్న కంటైనర్ కూడా మీ స్టాకే, అప్పటివరకు దాని మీద తేలిన ఖర్చుతో దారిలో ఉన్న సరకుగా చూపాలి.

వచ్చే ఆర్డరుకు ముందు సరఫరాదారుణ్ని ఒక మాట అడగండి: బాక్సులను ఒకదానిలో ఒకటి ఇమిడేలా, మూతలు విడిగా, చిన్న సైజు పెద్ద సైజులో పెట్టి పంపగలడా అని. 20 సీబీఎం 12కి దిగితే, ఓడ కిరాయి, రేవు, ట్రైలర్ ఖర్చుల మొత్తం అంతే ఉండి, మిగిలిన 8 సీబీఎంలో మరో సరకు వచ్చిందనుకుంటే, బాక్సు మీద ఆ ఖర్చు 64 రూపాయల 40 పైసల నుంచి 38 రూపాయల 64 పైసలకు తగ్గుతుంది. మూతలు బిగించే కూలి రెండు మూడు రూపాయలు పడినా బాక్సు 246 దాపులకు వస్తుంది. ఆ కూలినీ బాక్సు స్టాక్ రేటులోనే కలపండి, సరకును అమ్మే స్థితికి తెచ్చే ఖర్చు కనుక. సరఫరాదారుడు కుదరదంటే 280 పలికే దుకాణాలకే బాక్సు ఇవ్వండి, లేదా స్పానర్లతో కలిపి సెట్టుగా అమ్మండి.